మాత్ర ఒక్కసారే, ఓఆర్‌ఎస్ మాత్రం విరేచనాలు ఆగేదాకా

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పాత గుంటూరు. మా వీధిలో వాంతులు విరేచనాలతో చాలామంది పడ్డారు, కొందరికి పరీక్షలో కలరా అని తేలింది. మా ఆయనకు (60 కేజీలు ఉంటారు) తెల్లవారుజామున మొదలైతే ఆరెంపీ గారు ఒక సెలైన్ బాటిల్ ఎక్కించి అజిత్రోమైసిన్ 500 రోజుకొకటి మూడు రోజులు వేసుకోమన్నారు. మందుల షాపులో అడిగితే డాక్సీసైక్లిన్ ఒక్క డోసు చాలన్నారు. ఓఆర్‌ఎస్ తాగితే ఇంకా ఎక్కువ పోతున్నాయని మానేశాం, మాత్ర వేశాం కదా అనుకున్నాం. మధ్యాహ్నానికి కాళ్ళు పీకేసి, మాట కూడా తేలిపోతుంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఇప్పుడు బాగున్నారు. అసలు ఏ మందు కరెక్టు? ఇంట్లో 8 ఏళ్ళ పాప (25 కేజీలు), షుగరున్న అత్తగారు ఉన్నారు. వాళ్ళకి ముందుజాగ్రత్తగా ఒక డోసు వేసేయొచ్చా?

సమాధానం: అమ్మా, ముందు మందుల గొడవ తేల్చేస్తాను, ఎందుకంటే అది చిన్న విషయం. పెద్దవాళ్ళకి డాక్సీసైక్లిన్ అయితే 300 మిల్లీగ్రాములు, అంటే 100 క్యాప్సూల్స్ మూడు, ఒకేసారి. అజిత్రోమైసిన్ అయితే 1 గ్రాము, అంటే 500 మాత్రలు రెండు, ఒకేసారి. రెండిట్లో ఏదో ఒకటే, అదీ ఒక్కసారే, మర్నాడు మళ్ళీ వేయక్కర్లేదు. షాపాయన చెప్పింది కలరాకి సరిపోయే మాటే. ఆరెంపీ గారు రాసింది గొంతునొప్పికి, జలుబుకి ఇక్కడ అందరూ వాడే కోర్సు, కలరాలో దానితో చిక్కేమిటంటే మొదటి రోజు పడాల్సిన మందులో సగమే పడుతుంది, ఆ మొదటి రోజే కదా మనిషి ప్రాణం మీదికి వచ్చేది. ఈ రెండు మందులూ ఒంట్లో చాలాసేపు నిలబడతాయి, డాక్సీ సగం తగ్గడానికే దాదాపు ఒక రోజు పడుతుంది, అజిత్రోకి ఇంకా ఎక్కువ, అందుకే ఒక్క డోసుతో పని అవుతుంది.

కానీ మీ ఇంట్లో ఆ రోజు జరిగిన అసలు పొరపాటు మందు ఎంపికలో కాదు. మాత్ర వేశాం కదా అని ఓఆర్‌ఎస్ ఆపేశారు చూడండి, అదీ.

కలరా క్రిమి పేగు గోడని కొరికేయదు, రక్తంలోకి వెళ్ళదు. పేగు లోపలి పొర మీద కూర్చుని ఒక విషం వదులుతుంది. ఆ విషం కణాలకి పట్టుకుందంటే అవి ఆగకుండా ఉప్పునీ నీటినీ పేగులోకి వదిలేస్తూనే ఉంటాయి. కలకత్తాలో శంభునాథ్ డే అనే డాక్టరు 1959లో ఈ విషం సంగతి బయటపెట్టారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, యాంటీబయాటిక్ క్రిమిని చంపుతుంది గానీ అప్పటికే కణానికి అంటుకున్న విషాన్ని ఊడదీయలేదు. కుళాయి తిప్పేసినవాడిని మీరు పట్టుకున్నా, తిప్పిన కుళాయి తిప్పినట్టే ఉంటుంది. ఆ కణాలు రాలిపోయి కొత్తవి వచ్చేదాకా నీళ్ళు పోతూనే ఉంటాయి. అందుకే మాత్ర పడిన తర్వాత కూడా ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు విరేచనాలు సాగుతాయి. మందు పనిచేయలేదని కాదు. మందు లేకపోతే అవి ఇంకా ఎక్కువ రోజులు, ఇంకా ఎక్కువ మొత్తంలో పోయేవి. సరైన యాంటీబయాటిక్ పడితే పోయే నీరు దాదాపు సగానికి తగ్గుతుంది, జబ్బు ఒకటిన్నర రోజు ముందే ఆగుతుంది, మలంలో క్రిమి వెళ్ళే రోజులు కూడా తగ్గుతాయి కాబట్టి ఇంట్లో మిగతావాళ్ళకి పాకే అవకాశమూ తగ్గుతుంది. ఇవి చిన్న లాభాలేం కాదు. కాకపోతే ఆ ఒకటిన్నర రోజు లాభం దక్కాలంటే మనిషి మొదటి పది గంటలు బతికి ఉండాలి, ఆ పని మాత్రది కాదు, నీళ్ళది. తీవ్రమైన కలరాలో పెద్ద మనిషికి గంటకి లీటరు దాకా పోవచ్చు.

మరి పేగు అలా కారిపోతుంటే నోటితో పోసిన నీళ్ళు ఏం నిలుస్తాయి అని మీకే కాదు, చాలామందికి అనుమానం. ఉత్త నీళ్ళయితే నిలవవు నిజమే. కానీ ఆ విషం పాడుచేయని దారి ఒకటి పేగులో మిగిలి ఉంటుంది, గ్లూకోజు, ఉప్పు కలిసి వస్తే రెండిటినీ జంటగా లోపలికి లాక్కునే దారి. వాటి వెంట నీరు కూడా వెళ్తుంది. ఓఆర్‌ఎస్ పొడిలో చక్కెర ఉన్నది రుచి కోసమో ఓపిక కోసమో కాదు, ఉప్పుని లోపలికి తీసుకెళ్ళడానికి. తాగగానే విరేచనం ఇంకాస్త ఎక్కువ కనిపించవచ్చు, అది మీరు సరిగ్గానే చూశారు. అయితే బయటికి పోయేదానికన్నా లోపలికి ఇంకేది ఎక్కువ, అందుకే నాలుకా కళ్ళూ తేరుకుంటాయి, మూత్రం వస్తుంది. కలరాలో ఓఆర్‌ఎస్ పనిచేస్తోందా లేదా అనేది విరేచనాలు చూసి కాదు, మూత్రం చూసి చెప్పాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బెంగాల్ సరిహద్దు బన్‌గావ్‌లో, సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు డ్రమ్ముల్లో ఈ ఉప్పు చక్కెర నీళ్ళు కలిపి బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి వచ్చాయి.

ఇప్పుడు మీ ఆయన విషయమే తీసుకుని, మొదటి విరేచనం దగ్గర్నుంచి ఏం జరగాల్సిందో చెప్తాను. 60 కేజీల మనిషి. బియ్యం కడిగిన నీళ్ళలా విరేచనాలు, జ్వరం లేదు, రక్తం లేదు, కడుపునొప్పి పెద్దగా లేదు, వీధిలో కలరా తేలి ఉంది. ఇలాంటప్పుడు ల్యాబు రిపోర్టు కోసం ఎదురుచూడరు, ఒంట్లో నీరు ఎంత పోయిందో దాన్ని బట్టే వైద్యం మొదలుపెడతారు. (రక్తం పడుతున్నా, జ్వరం గట్టిగా ఉన్నా అది వేరే జబ్బు కావచ్చు, అప్పుడు ఈ లెక్కలు పెట్టుకోకుండా డాక్టరుకి చూపించండి.)

తెల్లవారుజామున ఆయన దాహం దాహం అంటున్నారు, కళ్ళు కాస్త లోపలికి పోయాయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటోంది, కానీ తెలివిగా మాట్లాడుతున్నారు, తాగగలుగుతున్నారు అనుకుందాం. దీన్ని కొంత నీరు పోయిన దశ అంటాం. దీని లెక్క కేజీకి 75 మిల్లీలీటర్లు, నాలుగు గంటల్లో. అరవై కేజీలకి నాలుగున్నర లీటర్లు. అంటే గంటకి లీటరు పైచిలుకు. ఈ అంకె విని అందరూ బెదిరిపోతారు, ఇంట్లోవాళ్ళు సాధారణంగా ఇచ్చేది పొద్దున్నుంచి సాయంత్రానికి ఒక ప్యాకెట్టు. గ్లాసులతో గటగటా తాగిస్తే వాంతి అవుతుంది కాబట్టి నిమిషానికి రెండు మూడు గుక్కల చొప్పున, పక్కన ఒకళ్ళు కూర్చుని, ఆపకుండా ఇస్తూ ఉండాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టడమే. వాంతి అయినంత మాత్రాన తాగిందంతా పోయినట్టు కాదు.

ఈ నాలుగు గంటలూ ఇంట్లోనే గడపమని నేను చెప్పడం లేదు. కలరా ఉన్న వీధిలో ఇలా మొదలైతే వైద్య శిబిరం క్యాంపుకో పీహెచ్‌సీకో పెద్దాసుపత్రికో బయల్దేరాల్సిందే, 108కి ఫోన్ చేయండి. నేను చెప్పేది, ఆ బండి వచ్చేలోపు, దారి పొడవునా కూడా, ఆ గుక్కలు ఆగకూడదని.

మాత్ర ఎప్పుడు? వాంతులు సద్దుమణిగాక, మొదటి నాలుగు గంటల నీళ్ళు కొంత లోపలికి వెళ్ళాక. వాంతుల మధ్యలో వేస్తే మాత్ర బకెట్లోకి పోతుంది, ఖాళీ కడుపున డాక్సీ పడితే వికారం ఇంకా పెరుగుతుంది. అరగంటలోపు మాత్ర వాంతిలో పడిపోతే, ఆ సంగతి డాక్టరుకి చెప్తే మళ్ళీ ఇస్తారు. ఇంకో మాట, ప్రపంచ ఆరోగ్య సంస్థ దారిలో నడిచే కలరా పద్ధతిలో అందరికీ యాంటీబయాటిక్ లేదు. నీరు బాగా పోయి తీవ్రంగా ఉన్నవాళ్ళకి, వైద్యం మొదలైన మొదటి నాలుగు గంటల్లో గంటకొకసారైనా విరేచనం అవుతున్నవాళ్ళకి, ఆ నాలుగు గంటల తర్వాత కూడా తేరుకోనివాళ్ళకి, గర్భిణులకి, బాగా బక్కచిక్కిన పిల్లలకి, ఇతర పెద్ద జబ్బులున్నవాళ్ళకి ఇస్తారు. రోజుకి నాలుగైదు విరేచనాలై, దాహం కూడా పెద్దగా లేకుండా తిరుగుతున్నవాడికి ఓఆర్‌ఎస్ చాలు. మీ ఆయనకి మధ్యాహ్నానికి నీరు బాగా పోయి తీవ్రమైంది కాబట్టి ఆయనకి మందు ఇవ్వాల్సిందే, అందులో అనుమానం లేదు.

మరి ఆ రెండిట్లో ఏది అని మళ్ళీ అడుగుతారు. మామూలుగా మొదట డాక్సీ, కారణం చవక, ఒక్కసారితో అయిపోతుంది. అయితే ఆ సీజన్‌లో ఆ ఊళ్ళో తిరుగుతున్న క్రిమికి ఏది పనిచేస్తోందో మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబులో కల్చర్ చేసి చూస్తారు, మీ వీధిలో కొందరి మలం తీసుకెళ్ళింది అందుకే. అక్కడ డాక్సీకి లొంగడం లేదని వస్తే క్యాంపులో అజిత్రో ఇస్తారు. అందువల్ల క్యాంపులో ఏది ఇస్తే అది తీసుకోండి, షాపులో పేరు చూసి కొనుక్కోవద్దు. సిప్రోఫ్లోక్సాసిన్ మన దగ్గర విరేచనాలు అనగానే చేతికొచ్చే మందు, కానీ కలరాలో దాని మీద ఆధారపడే రోజులు పోయాయి, బంగ్లాదేశ్‌లో పెద్దవాళ్ళ మీద చేసి 2006లో ప్రచురించిన పోలికలో ఒక్క డోసు అజిత్రో 73 శాతం మందిలో గెలిస్తే ఒక్క డోసు సిప్రో 27 శాతంలోనే గెలిచింది. గర్భిణులకి మన డాక్టర్లు ఎక్కువగా అజిత్రో వైపే మొగ్గుతారు. గుండె లయ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం అజిత్రో ఇచ్చే ముందు ఆ సంగతి చెప్పాలి. డాక్సీ అయితే కూర్చుని, ఒక పెద్ద గ్లాసుడు నీళ్ళతో మింగి, అరగంట వెల్లకిలా పడుకోకూడదు, లేకపోతే గొంతు కింద అంటుకుని పుండు చేస్తుంది. పాలతో, ఐరన్, జింక్ మాత్రలతో, గ్యాసు మందుతో కలిపి వేయకూడదు, మందు ఒంటికి పట్టదు.

సెలైన్ గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే ఊళ్ళో అందరి నమ్మకం ఆ బాటిల్ మీదే. మధ్యాహ్నానికి ఆయన కాళ్ళు పీకేసి, మాట తేలిపోయి, మీరు రాయలేదు గానీ బహుశా మణికట్టు దగ్గర నాడి కూడా అందకుండా ఉండి ఉంటుంది. అది తీవ్ర దశ. అప్పుడు నోటితో ఇచ్చేది చాలదు, రక్తనాళంలోకి ఎక్కించాల్సిందే, లెక్క కేజీకి 100 మిల్లీలీటర్లు. అరవై కేజీలకి ఆరు లీటర్లు, అందులో 1.8 లీటర్లు మొదటి అరగంటలోనే, మిగతాది తర్వాతి రెండున్నర గంటల్లో. అరలీటరు బాటిళ్ళ లెక్కన పన్నెండు, మూడు గంటల్లో. పొద్దున మీకు పడింది ఒకటి, అదీ చుక్కచుక్కగా గంటన్నర పట్టి ఉంటుంది. అందులో ఉన్నది రింగర్ లాక్టేటా, ఉత్త డెక్స్ట్రోసా అన్నది ఇంకో ప్రశ్న. కలరాకి రింగర్ లాక్టేట్ కావాలి, అది లేకపోతే నార్మల్ సెలైన్. ఉత్త డెక్స్ట్రోస్, అంటే జనం గ్లూకోజ్ బాటిల్ అనేది, చక్కెర నీళ్ళే, పోయిన ఉప్పు అందులో లేదు. ఒక్క బాటిల్ ఎక్కించి పర్లేదని ఇంటికి పంపడం వల్ల జరిగే నష్టం ఏమిటంటే, కాసేపు మనిషి తేటపడతాడు, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుని ఓఆర్‌ఎస్ పక్కన పెడతారు, ఆ రెండు మూడు గంటల్లోనే మళ్ళీ మూడు లీటర్లు పోతాయి. నాకు తెలిసి కలరాలో వైద్యం దగ్గరదాకా వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కువగా ఈ మధ్య గ్యాప్‌లోనే. పెద్దాసుపత్రిలో సెలైన్ నడుస్తుండగానే తాగగలిగిన వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టించి ఉంటారు, అది ఊరికే కాదు, పోయిన పొటాషియం తిరిగి చేరేది ఎక్కువగా అందులోంచే.

ఇంటికి వచ్చాక విరేచనం అయిన ప్రతిసారీ ఒక పెద్ద గ్లాసు ఓఆర్‌ఎస్, మామూలుగా గట్టిపడేదాకా. తిండి ఆపొద్దు, ఆకలేస్తే పెరుగన్నం, ఇడ్లీ, ఉప్పేసిన గంజి ఏదైనా పెట్టండి. విరేచనాలు కట్టేసే మాత్రలు, అంటే లోపెరమైడ్ లాంటివి, కలరాలో వద్దు. పోయేది పేగులోకి ఎలాగూ కారుతూనే ఉంటుంది, బయటికి కనిపించక మీరు మోసపోతారు, అంతే.

ప్యాకెట్టు కలపడంలో కూడా తప్పులు జరుగుతున్నాయి, నేను చూసేవాటిలో ఎక్కువ ఇదే. లీటరు ప్యాకెట్టుని ఒక గ్లాసు నీళ్ళలో కలిపేస్తారు, బలం ఎక్కువని. బలం కాదు, ఉప్పు విషంలా పడుతుంది, ముఖ్యంగా పిల్లలకి, పైగా విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళు రాశారో చూడండి, లీటరు అంటే కొలవడానికి లీటరు వాటర్ బాటిల్ వాడండి, 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్టయితే ఒక గ్లాసు. కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, మిగిలింది 24 గంటల తర్వాత పారబోయండి. షాపుల్లో డబ్బాల్లో దొరికే తీపి డ్రింకులు ఓఆర్‌ఎస్ కాదు, వాటిలో చక్కెర ఎక్కువ ఉప్పు తక్కువ, ఎక్కువ చక్కెర పేగులోకి నీటిని ఇంకా లాగుతుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఉంది గానీ కలరాలో పోయే సోడియం అందులో చాలా తక్కువ, పక్కన తాగండి, దాని మీదే ఉండొద్దు. ప్యాకెట్టు అసలు దొరక్కపోతే లీటరు నీళ్ళలో పైకి పోగు లేకుండా ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు, దొరికేదాకా అది.

ఇక ముందుజాగ్రత్త డోసు. వద్దు. జబ్బు రాని పాపకి, అత్తగారికి వేయకండి. ఆ ఒక్క డోసు రెండు మూడు రోజులు కాపాడవచ్చు, నాలుగో రోజు అదే కుళాయి నీళ్ళు తాగితే మళ్ళీ రావచ్చు. వీధి మొత్తానికి పంచితే క్రిమి ఆ మందుకి అలవాటు పడిపోతుంది, ఇది ఊహ కాదు, 1977లో టాంజానియాలో కలరాకి టెట్రాసైక్లిన్ విచ్చలవిడిగా వాడితే ఐదు నెలల్లోనే అక్కడి క్రిముల్లో ముప్పావు వంతు దానికి లొంగడం మానేశాయి. అదే మందు కుటుంబానిదే డాక్సీ. రేపు నిజంగా పాపకి వస్తే మీ దగ్గర పనికొచ్చే మందు మిగిలి ఉండాలి కదా. ఇప్పుడు ఆ ఇద్దరికీ కావాల్సింది మరిగించిన నీళ్ళు, అంటే బుడగలు తెర్లుతూ ఒక నిమిషం మరిగినవి, మూతపెట్టి గరిటెతో తీసుకునేవి, గ్లాసు ముంచేవి కాదు. ఆయన వాడిన మరుగుదొడ్డి బ్లీచింగుతో కడిగినవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కుని వంటింట్లోకి వెళ్ళాలి. 2018లో మీ గుంటూరులోనే ఆనందపేట వైపు అతిసారం ప్రబలినప్పుడు తాగునీటిలో మురుగు కలవడమే కదా కారణం, కుళాయి నీళ్ళు వాసన వస్తున్నా మడ్డిగా ఉన్నా వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి.

పాపకి విరేచనాలు మొదలైతే పెద్దవాళ్ళ లెక్క పనికిరాదు. నీరు పోయిన లక్షణాలు లేనప్పుడు విరేచనానికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు, కళ్ళు లోపలికి పోయి దాహంతో ఉంటే 25 కేజీలకి దాదాపు రెండు లీటర్లు నాలుగు గంటల్లో, చెంచాతో, క్యాంపులోనో ఆసుపత్రిలోనో. మందు అవసరమైతే అజిత్రో కేజీకి 20 మిల్లీగ్రాములు, పాపకి 500, అంటే పెద్దవాళ్ళ డోసులో సగం, ఒక్కసారి. డాక్సీ ఇస్తే పళ్ళు పచ్చబడతాయని భయపడతారు, ఒక్క డోసుకి అలా జరగదు, డాక్టరు అదే ఇచ్చినా వాదించొద్దు. మత్తుగా పడుకుని లేపినా లేవకపోతే, తాగలేకపోతే, ఆరు గంటలుగా మూత్రం లేకపోతే ఇక చెంచాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి.

అత్తగారి షుగరు సంగతి. ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు ఉంది కాబట్టి ఆమెకి ఇవ్వకూడదేమో అని ఇళ్ళల్లో ఆపేస్తుంటారు. లీటరులో ఉండేది 13.5 గ్రాములు, అది లేకుండా ఉప్పు లోపలికి వెళ్ళదు, కాబట్టి కలరా వస్తే ఆమె కూడా అదే తాగాలి, షుగరు పరీక్ష చేసుకుంటూ డాక్టరు సర్దుకుంటారు. అంతకన్నా నాకు టెన్షన్ ఆమె రోజూ వేసుకునే మాత్రల గురించి. మెట్‌ఫార్మిన్, బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి, ఒంట్లో నీరు లేనప్పుడు మూత్రపిండాల మీద పడతాయి. ఆమె వాడే మందుల చీటీ ఇప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. విరేచనాలు మొదలైతే ఆసుపత్రిలో అడుగుపెట్టగానే అది చూపించి, వీటిలో ఏవి ఆపాలి అని అడగండి.